కట్నం వేధింపుల చట్టం: అమ్మాయి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కట్నం కేసుల్లో ఓడిపోయేది చాలాసార్లు వేధింపు జరగక కాదు. ఎవరు, ఎప్పుడు, ఏమని అడిగారో తల్లిదండ్రుల దగ్గర రాసి లేక. అందుకే ఇక్కడ శిక్షల గురించి తక్కువగా, ఏది డిమాండ్ అవుతుంది, దాన్ని ఎలా పట్టి ఉంచుకోవాలి అన్న రెండు విషయాల గురించి ఎక్కువగా చెబుతున్నాను. మధ్యమధ్య ఒక ఇంటి కథ వస్తుంది. అది విషయం అర్థం కావడానికి నేను అల్లిన ఉదాహరణే కానీ, ఇలాంటివి కోర్టు వరండాల్లో రోజూ వినిపించేవే.

అసలు ఏ చట్టం కింద కేసు అవుతుంది?

రెండు చట్టాలు కలిసి నడుస్తాయి. ఒకటి 1961 నాటి వరకట్న నిషేధ చట్టం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం దీని 3వ సెక్షన్ కింద నేరం, కనీస శిక్ష 5 ఏళ్లు. డబ్బు చేతులు మారకపోయినా, ఉత్తగా అడగడమే 4వ సెక్షన్ కింద నేరం. దానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు.

రెండోది అందరి నోళ్లలో నానిన 498ఏ. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడది 85, 86 సెక్షన్లుగా ఉంది. భర్త గానీ అతని బంధువులు గానీ భార్యను క్రూరంగా చూస్తే 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. క్రూరత్వం అంటే ఏమిటో 86 చెబుతుంది. ఆమెను ఆత్మహత్య వైపు నెట్టేంతగా లేదా ఆమె ప్రాణానికి, శరీరానికి, మనసుకు తీవ్ర హాని కలిగేంతగా ప్రవర్తించడం ఒకటి. చట్టవిరుద్ధమైన డిమాండ్ తీర్చమని ఆమెనో ఆమె పుట్టింటివాళ్లనో వేధించడం, తీర్చనందుకు వేధించడం రెండోది.

స్టేషన్‌లో ఇప్పటికీ చాలామంది ‘498ఏ కేసు’ అనే అంటారు. కంగారు పడకండి, మాట పాతదే కానీ వాళ్లు పెట్టేది కొత్త సెక్షనే. 2024 జులైకి ముందు జరిగిన వేధింపుకైతే పాత సెక్షనే వర్తిస్తుంది.

వాళ్లు ‘కట్నం’ అనే మాటే ఎప్పుడూ వాడలేదు. అయినా అది డిమాండ్ అవుతుందా?

అవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. “కట్నమని అడగలేదండీ, మా అల్లుడికి ఒక కారుంటే బాగుంటుంది అన్నారంతే” అంటారు. ఈ రోజుల్లో కట్నమని పేరు పెట్టి ఎవరడుగుతారు? చట్టం పేరును చూడదు. మూడు సంగతులు చూస్తుంది. అడిగింది ఆస్తో, డబ్బో, విలువైన పత్రమో అయి ఉండాలి. నేరుగానో మధ్యవర్తి ద్వారానో అడిగి ఉండాలి. ఆ అడగడానికి ఈ పెళ్లితో సంబంధం ఉండాలి. పెళ్లికి ముందా, పీటల మీదా, పెళ్లైన నాలుగేళ్లకా అన్నది అడ్డు కాదు. చట్టంలోనే “పెళ్లి సమయంలో, అంతకు ముందు, లేదా ఆ తర్వాత ఎప్పుడైనా” అని ఉంది.

మన ఇళ్లలో ఇది రకరకాల వేషాల్లో వస్తుంది. మాట్లాడుకున్న దాంట్లో మిగిలిన బాకీ అంటారు. పసుపు కుంకుమ కింద ఇస్తామన్న అరెకరం అల్లుడి పేరున రిజిస్టర్ చేయమంటారు. ఎంఎస్‌కు పంపడానికి ఫీజు సర్దమంటారు. వ్యాపారానికి పెట్టుబడి అంటారు. ఏమీ అడగకుండా అమ్మాయిని ఆషాఢానికి పుట్టింటికి పంపి, శ్రావణం వచ్చినా తీసుకెళ్లకపోవడం కూడా ఒక పద్ధతే. అది ఒక్కటే డిమాండ్ కాదు. కానీ “ఆ సంగతి తేలాక చూద్దాం” అనే మాట దానికి తోడైందనుకోండి, డిమాండ్ అక్కడ ఉన్నట్టే.

మరి దెప్పుళ్లు? “నీ తోడికోడలి పుట్టింటివాళ్లు ఫ్లాటే ఇచ్చారు” అని అత్తగారు ఒకసారి అంటే దాన్ని కోర్టు డిమాండ్ అనదు, నేనూ అనను. అదే మాట వారం వారం వస్తూ, ఆ తర్వాత తిండి దగ్గర, ఫోన్ దగ్గర ఆంక్షలు మొదలైతే లెక్క మారుతుంది. అందుకే చిన్న మాటను కూడా తేదీతో రాసుకోమంటాను. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ కాదనిపించేవి వరసలో పెడితే కథ చెబుతాయి.

ఇల్లు కట్టుకోవడానికి, వ్యాపారానికి ‘అప్పుగా’ అడిగారు. అది కట్నం కాదని వాళ్ల లాయరు అంటున్నాడు.

ఆయన పాత తీర్పు పట్టుకుని మాట్లాడుతున్నాడేమో. 2007లో సుప్రీంకోర్టు ఇంటి ఖర్చులకో ఎరువులకో అడిగిన డబ్బు కట్నం కాదని ఒక కేసులో అన్నమాట నిజం. 2015లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ దృష్టి సరికాదని చెప్పింది. 2022లో ఇంటి నిర్మాణానికి అడిగిన డబ్బును కూడా సుప్రీంకోర్టు కట్నం కిందే చూసింది.

అలాగని అల్లుడు చేబదులు అడిగిన ప్రతిసారీ కేసు కాదు. అప్పు అడిగినప్పుడు ఇవ్వనంటే సరే అనుకుని ఊరుకుంటే అది అప్పే. ఇవ్వనన్న మర్నాటి నుంచి అమ్మాయి మీద చేయి పడితే, ఆమెను ఇంట్లోంచి పంపేస్తే అది అప్పు కాదు. తేడా అంతా ‘ఇవ్వలేం’ అన్న తర్వాత ఏం జరిగిందనే దాంట్లో ఉంటుంది. మీ రాతలో కూడా అదే కనిపించాలి.

సారె, ఆడపడుచు లాంఛనాలు, సీమంతం ఖర్చు కూడా కట్నమేనా?

ఆచారం ప్రకారం, బిడ్డ పుట్టినప్పుడూ పండగలకూ పెట్టే పెట్టుపోతలు కట్నం కిందకు రావని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. కానీ క్రూరత్వం సెక్షన్‌లో ‘కట్నం’ అనే పదమే లేదు, ‘చట్టవిరుద్ధమైన డిమాండ్’ అని ఉంది. సారెలో పట్టుచీర తక్కువైందని కోడల్ని కొడితే, ఆ చీర కట్నమా కాదా అని తేల్చాల్సిన పనే లేదు. అమ్మాయి జీతం, ఏటీఎం కార్డు లాక్కోవడం కూడా ఇలాగే చూడాలి.

పెళ్లిలో ఎవరూ అడగకుండా మీరు ఇష్టంగా ఇచ్చినవి నేరం కావు. కానీ అవి జాబితాలో రాసి ఉండాలి, మీ స్తోమతకు మించి ఉండకూడదు. ఆ జాబితా సంగతి కింద వస్తుంది.

పెళ్లికి ముందే అడిగారు. సంబంధం తప్పిపోయింది. ఇప్పుడేం చేయగలం?

పెళ్లి జరగకపోయినా అడగడం నేరమే. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చట్టంలో వధువు, వరుడు అంటే కాబోయే వధూవరులు కూడా అని చెప్పింది.

కట్నం ఇచ్చింది మేమే. ఫిర్యాదు చేస్తే ముందు మమ్మల్నే లోపల వేస్తారని భయపెడుతున్నారు.

ఈ భయంతోనే సగం ఫిర్యాదులు ఆగిపోతాయి, అవతలివాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. వరకట్న నిషేధ చట్టం 7వ సెక్షన్‌లో ఒక రక్షణ ఉంది. నేరం వల్ల బాధపడ్డ వ్యక్తి ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఆ వ్యక్తి మీదే ఈ చట్టం కింద కేసు పెట్టకూడదు. మీ అమ్మాయికి ఇది స్పష్టంగా వర్తిస్తుంది. తల్లిదండ్రులు కూడా ఆ మాట కిందకు వస్తారా అనే దానిపై కోర్టుల్లో వాదనలు జరుగుతూనే ఉన్నాయి. అందుకే అమ్మాయి వాంగ్మూలం ముందుండేలా చూసుకోండి, మీ ఫిర్యాదును లాయరుకు చూపించాకే ఇవ్వండి.

రాసేటప్పుడు జరిగింది జరిగినట్టే రాయాలి. “మా సంతోషం కొద్దీ 12 లక్షలు ఇచ్చాం” అని గొప్పకు పోయి రాసే తండ్రులున్నారు. ఆ వాక్యంలో డిమాండ్ మాయమైంది, ఇచ్చిన నేరం మాత్రం మిగిలింది. నిజంగా అడిగితేనే ఇచ్చి ఉంటే, “నిశ్చితార్థానికి వారం ముందు వాళ్లింట్లో వియ్యంకుడు 20 లక్షలు అడిగారు, ఇవ్వకపోతే సంబంధం వద్దన్నారు, అందుకని 12 లక్షలు ఇచ్చాం” అని ఉండాలి. అడగనిదాన్ని అడిగారని మాత్రం రాయొద్దు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది నిలవదు, దాంతో పాటు నిజాలూ కొట్టుకుపోతాయి.

మరి డిమాండ్‌ను ఎలా రాసుకోవాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

కథలోకి వద్దాం. పెళ్లి 2025 ఫిబ్రవరిలో. మాట్లాడుకున్నది 20 లక్షలు, 25 తులాల బంగారం. నిశ్చితార్థం రోజు 12 లక్షలు ఇచ్చారు, మిగతా 8 పంట డబ్బు వచ్చాక అన్నారు. పంట దెబ్బతింది. ఆషాఢానికి అమ్మాయి పుట్టింటికి వచ్చింది. శ్రావణం వచ్చినా తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు.

అమ్మాయి తండ్రి ముందు రాసుకున్నది ఇలా ఉంది: “పెళ్లైన దగ్గర్నుంచీ వాళ్లందరూ కలిసి అదనపు కట్నం కోసం మా అమ్మాయిని మానసికంగా, శారీరకంగా వేధిస్తున్నారు.” ఇది అబద్ధం కాదు. కానీ ఈ వాక్యం తెలుగునాట ఏ స్టేషన్ ఫైలు తెరిచినా కనిపిస్తుంది. ఎవరు, ఏ రోజు, ఎంత అనేది లేని ఇలాంటి గంపగుత్త ఆరోపణలతో కేసు నడపలేమని, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

తర్వాత అదే తండ్రి ఒక లాంగ్‌బుక్ కొని ఇలా రాయడం మొదలుపెట్టాడు:

“2025 జులై 27, ఆదివారం. రాత్రి 8.40కి వియ్యంకుడు తన నంబరు నుంచి నా ఫోన్‌కు చేశారు. సుమారు 11 నిమిషాలు. ‘మిగతా 8 లక్షలు ముట్టాకే అమ్మాయిని పంపండి, లేదంటే మీ దగ్గరే ఉంచుకోండి’ అన్నారు. పంట పోయిందని చెప్పాను. ‘అది మా సమస్య కాదు’ అన్నారు. అల్లుడు ఫోన్ తీసుకుని ‘నాన్న చెప్పిందే నా మాట’ అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కన మా ఆవిడ, మా బావమరిది ఉన్నారు. అత్తగారు మాట్లాడలేదు.”

చివరి వాక్యం చూడండి. అత్తగారు మాట్లాడలేదని కూడా రాశాడు. తనకు అనుకూలం కాని సంగతి కూడా రాసుకున్న పుస్తకాన్ని జడ్జి నమ్ముతారు. కోపంలో ఎక్కడో బెంగళూరులో కాపురముండే ఆడపడుచు పేరు, ఆమె భర్త పేరు కలిపి రాస్తే వాళ్ల మీద కేసు పోవడమే కాదు, అసలు నిందితుల మీద కేసు కూడా పలచబడుతుంది.

రాసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. అదే రోజు రాయాలి. వాళ్లన్న మాటలు వాళ్ల నోటి నుంచి వచ్చినట్టే ఉండాలి, తిట్టు అయితే తిట్టే. విన్నది మీరా, అమ్మాయి చెప్పిందా అనేది విడదీయాలి. అమ్మాయి చెప్పింది అయితే “ఈ రోజు సాయంత్రం ఫోన్‌లో అమ్మాయి చెప్పింది” అని మొదలుపెట్టండి. మధ్యలో పేజీలు చింపొద్దు, ఖాళీలు వదలొద్దు, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయండి. నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తుంటే ఆ సంగతే రాయండి: “ఇది నవంబరులో గుర్తున్నంత వరకు రాస్తున్నాను.” ఒకే పెన్నుతో ఒకే రోజు కూర్చుని ఆరు నెలల డైరీ తయారు చేసిన వాళ్లను చూశాను. అవతలి లాయరు దాన్ని రెండు ప్రశ్నల్లో పడగొట్టాడు.

ఈ పుస్తకం ఒక్కటే కేసును గెలిపించదు. మీరు బోనులో చెప్పే మాటకు అది వెన్నుదన్ను, జ్ఞాపకానికి ఆసరా. దాని పక్కన ఫోన్ కాల్ జాబితా, మెసేజ్, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి కలిస్తేనే బలం.

ఇంకో మంచి అలవాటు ఉంది. కాల్ అయిపోయాక మర్యాదగా ఒక మెసేజ్ పెట్టడం. ఆ తండ్రి మర్నాడు పొద్దున ఇలా పెట్టాడు: “బావగారూ, నిన్న రాత్రి మీరు మిగతా 8 లక్షలు ఇచ్చాకే అమ్మాయిని పంపమన్నారు. ఈ ఏడు పంట లేదు, నా వల్ల కాదు. అమ్మాయిని కాపురానికి తీసుకెళ్లమని మనవి.” సాయంత్రానికి జవాబు వచ్చింది: “మాట ఇచ్చినప్పుడు ఆలోచించాల్సింది.” డబ్బు అడిగామని అందులో లేదు. కానీ అడగలేదని కూడా లేదు. ఆ ఒక్క లైను పది పేజీల ఫిర్యాదు కంటే ఎక్కువ పని చేస్తుంది.

అన్నట్టు, ఆ 8 లక్షల ‘బాకీ’ చట్టం దృష్టిలో బాకీయే కాదు. కట్నం ఇస్తామన్న ఒప్పందం వరకట్న నిషేధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం చెల్లదు. నోటు రాయించుకున్నా అది కట్నం కోసమని తేలితే చెల్లదు.

ఫోన్ కాల్ రికార్డ్ చేయవచ్చా? చాటుగా చేసింది కోర్టు ఒప్పుకుంటుందా?

మీతో మాట్లాడిన కాల్‌ను మీరు రికార్డ్ చేసుకుంటే, గొంతు ఎవరిదో గుర్తుపట్టగలిగి, మధ్యలో కత్తిరింపులు లేకపోతే కోర్టులు సాక్ష్యంగా తీసుకుంటాయి. భార్యాభర్తల మధ్య చాటుగా రికార్డ్ చేసిన సంభాషణను కూడా వైవాహిక కేసుల్లో వాడుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అల్లుడి ఫోన్‌లో దొంగ యాప్ పెట్టి అతను వేరేవాళ్లతో మాట్లాడేది వినడం మాత్రం వేరే సంగతి. అది మీ మీదకే నేరంగా తిరుగుతుంది.

రికార్డ్ చేస్తున్నప్పుడు వాళ్ల చేత అనిపించాలని రెచ్చగొట్టకండి. “ఎంత కావాలో చెప్పండి, చెప్పండి” అని నాలుగుసార్లు మీరే అంటే వినేవాళ్లకు వల వేసినట్టు ఉంటుంది. మీ నోటి నుంచి బెదిరింపు వస్తే అది కూడా రికార్డులో ఉంటుందని మర్చిపోకండి.

వాట్సాప్ మెసేజ్‌లు, ఆడియోలు ఎలా దాచుకోవాలి?

స్క్రీన్‌షాట్లు తీశాం కదా అని ఫోన్ మార్చేస్తారు. నేను చూసిన వాటిలో అతి మామూలు పొరపాటు ఇదే. స్క్రీన్‌షాట్ అసలుకు నకలు మాత్రమే. అసలు ఫోన్‌లో ఉంది. ఆ ఫోన్ అమ్మొద్దు, ఎక్స్చేంజ్‌లో ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్ పగిలినా బీరువాలో పెట్టండి.

వెంటనే చేయాల్సిన పని ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడటం. ఉంటే ఆపండి. తర్వాత చాట్ తెరిచి Export chat నొక్కి, ఫొటోలు, ఆడియోలతో సహా మీ ఈమెయిల్‌కు పంపుకోండి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన నంబరు, పక్కన తేదీ కనిపించాలి. మీరు సేవ్ చేసుకున్న పేరు మాత్రమే కనిపిస్తే అది ఎవరి నంబరో మళ్లీ రుజువు చేయాలి. మీకు ఇబ్బందిగా ఉన్న మీ మెసేజ్‌లను కూడా చెరపొద్దు. సగం చాట్ తెస్తే మిగతా సగం వాళ్లు తెస్తారు.

కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. రెండు భాగాల ఫారం అది. ఒక భాగం ఫోన్ తమ చేతిలో ఉన్నవాళ్లు, రెండోది సాంకేతిక నిపుణుడు సంతకం చేస్తారు. అందులో ఫైలుకు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. అందుకే రికార్డింగ్‌ను ఎడిట్ చేయొద్దు, ‘ముఖ్యమైన చోటు’ మాత్రమే కత్తిరించి దాచొద్దు. ఈ పని లాయరు చూసుకుంటారు, మీ వంతు అసలు ఫోన్‌ను కాపాడటం.

డబ్బు నగదుగా ఇచ్చాం. కాగితం ముక్క లేదు. ఇప్పుడెలా?

నగదుకు రసీదు ఉండదు కానీ జాడ ఉంటుంది. నిశ్చితార్థానికి రెండు రోజుల ముందు బ్యాంకు నుంచి తీసిన మొత్తం, రద్దు చేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్, కుదువ పెట్టిన బంగారం చీటీ, అమ్మిన స్థలం దస్తావేజు, చిట్టీ పాడిన తేదీ, బంధువు దగ్గర తీసుకున్న అప్పు నోటు. ఇచ్చినప్పుడు గదిలో ఎవరున్నారో వాళ్ల పేర్లు. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తి. నిశ్చితార్థం వీడియోలో పళ్లెంలో నోట్ల కట్టలు కనిపించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వీడియోగ్రాఫర్ దగ్గర ఎడిట్ చేయని ఫైలు ఉందేమో ముందే అడగండి, వాళ్లు కొన్నాళ్లకు చెరిపేస్తారు.

వస్తువుల విషయంలో 1985 నాటి నిబంధనలు ఒక జాబితా రాయమంటాయి. వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, వరుస ఏమిటి, కింద వధూవరుల సంతకాలు. పెళ్లి ఇంకా జరగకపోతే ఇది తప్పకుండా చేయించండి. పెళ్లి అయిపోయి ఉంటే ఇప్పుడు బిల్లులు, ఆల్బమ్ ముందు పెట్టుకుని రాయండి, ఈ రోజు తేదీయే వేయండి. పాత తేదీ వేయాలన్న సలహా ఎవరిచ్చినా వినకండి.

పెద్దమనుషుల్లో పెడదామంటున్నారు. వెళ్లాలా?

వెళ్లండి, తప్పులేదు. కానీ అక్కడ రాసే కాగితం ఒకటికి రెండుసార్లు చదవండి. “ఇకపై డబ్బు అడగను, కొట్టను” అని అల్లుడు సంతకం పెడితే అది ఇంతకు ముందు అడిగినట్టు ఒప్పుకోలే, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. అదే కాగితంలో చివర “ఇరుపక్షాల మధ్య ఎలాంటి కట్న కానుకలు లేవు” అని ఒక లైను దూరుస్తారు. దాని కింద మీ సంతకం పడితే తర్వాత మీరు ఏం చెప్పినా ఆ లైనే చదివి వినిపిస్తారు.

ఫిర్యాదు ఎవరు, ఎక్కడ ఇవ్వాలి?

అమ్మాయే ఇవ్వాలని లేదు. రక్తసంబంధం, వివాహ సంబంధం, దత్తత ఉన్న బంధువులెవరైనా పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు, కాబట్టి తల్లిదండ్రులు ఇవ్వవచ్చు. కాకపోతే అమ్మాయి వాంగ్మూలం లేకుండా కేసు ముందుకు నడవడం కష్టం.

అత్తగారి ఊరికే పోవాల్సిన పని లేదు. వేధింపు తట్టుకోలేక వచ్చి తలదాచుకున్న చోట కూడా కేసు పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మా పరిధి కాదు అంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ కట్టమని అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో అది ఉంది. అసలు తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి లేదా కమిషనర్‌కు పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఇచ్చిన ప్రతి కాగితానికి స్టేషన్ ముద్రతో నకలు తీసుకోవడం మర్చిపోవద్దు.

పోలీసులు ముందు కౌన్సెలింగ్‌కు పిలవడం మామూలు. అక్కడ వాళ్లు ఏమన్నదీ అదే లాంగ్‌బుక్‌లో రాసుకోండి. లాయరుకు ఫీజు కట్టుకోలేమనే బెంగ వద్దు, ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు.

కేసు పెట్టగానే అరెస్టు చేస్తారా?

సాధారణంగా చేయరు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాయాలి. లేకపోతే నోటీసు ఇచ్చి విచారణకు పిలుస్తారు. ఇది చూసి “డబ్బులు తిని వదిలేశారు” అనుకునే తల్లిదండ్రులు ఎక్కువ. అరెస్టు కాకపోవడం అంటే కేసు పోవడం కాదు. అమ్మాయికి వెంటనే కావాల్సింది రక్షణ, నివాసం, ఖర్చులు అయితే 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో విడిగా అర్జీ పెట్టాలి. మధ్యంతర ఉత్తర్వులు అక్కడ దొరుకుతాయి.

నగలు వాళ్ల బీరువాలో ఉన్నాయి. నేను తండ్రిని, కొన్నది నేను. అడగలేనా?

అవి మీవి కావు, మీ అమ్మాయివి. అది స్త్రీధనం. ఆమె బతికి ఉండగా, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి వాటిని తిరిగి ఇప్పించమని అడగలేరని 2024 ఆగస్టులో తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి నగల మీద ఫిర్యాదు అమ్మాయి సంతకంతోనే ఉండాలి. అడిగినా ఇవ్వకుండా పెట్టుకుంటే అది నమ్మకద్రోహం నేరం. ముందు రాతపూర్వకంగా, జాబితాతో అడగండి. అడిగినట్టు రుజువు ఉంటేనే ఇవ్వలేదన్న మాట నిలబడుతుంది.

ఎంతకాలం లోపు ఫిర్యాదు చేయాలి?

85వ సెక్షన్‌కు చివరి వేధింపు నుంచి 3 ఏళ్లు గడువు అనుకోండి. వరకట్న నిషేధ చట్టం కింద నేరాలకు ఆ గడువు వర్తించదు. ‘ఏడేళ్లు’ అని మీరు వినేది దీని గురించి కాదు. పెళ్లైన 7 ఏళ్లలోపు అమ్మాయి అసహజంగా చనిపోతే, అంతకు ముందు కట్నం వేధింపు ఉందని తేలితే వర్తించే నిబంధన అది.

అమ్మాయి కేసు వద్దు, సర్దుకుపోతానంటోంది. రాసుకుంటూ ఎదురుచూడాలా?

రాసుకోవడం కేసు పెట్టడం కాదు. ఆమె నిర్ణయం ఆమెకు వదిలేసి మీరు రాస్తూనే ఉండవచ్చు. కానీ దెబ్బలు తగిలినా, “బతకాలని లేదమ్మా” అన్నా, ఫోన్ లాక్కున్నారని తెలిసినా పుస్తకం మూసి బయల్దేరండి. వేధింపు ఎక్కువైన రోజుల్లో అమ్మాయి ఫోన్‌లో మాటలు తగ్గించేస్తుంది. “బాగానే ఉన్నాను” అని రెండు ముక్కల్లో పెట్టేస్తుంటే దాన్ని నమ్మకండి. ప్రమాదం ఉంటే 112కు, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి. ఆమె మనసు కుంగిపోయి ఉంటే 14416 టెలిమానస్ నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.

దెబ్బలు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. పరువు కోసం “మెట్ల మీద జారిపడింది” అని చెబితే డాక్టరు చీటీలో అదే పడుతుంది. కేసు షీటు మీద ఆ రోజు తేదీతో “భర్త కొట్టాడని చెప్పింది” అని ఒక్క లైను ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా రెండేళ్ల తర్వాత కోర్టులో తెలుస్తుంది.